గైడ్‌కు ఆఖరి ఉత్తరం: కృతజ్ఞతలతో పాటు ఫ్రీజర్ లెక్క కూడా

పీహెచ్‌డీ స్కాలర్‌కు గైడ్‌తో గడిచే కాలం చిన్నదేమీ కాదు. 2022లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. జీవశాస్త్రం ల్యాబుల్లో మూడేళ్లలో బయటపడేవాళ్లు అరుదు. అన్నేళ్లు ఒకే కప్పు కింద పనిచేశాక, వైవా ముగిసి, నో డ్యూస్ ఫారం మీద సంతకాలన్నీ పడ్డాక గైడ్‌కు వెళ్లే ఉత్తరం తరచు నాలుగు వాక్యాలకు మించదు. ‘మీ అమూల్యమైన మార్గదర్శకత్వానికి, నిరంతర ప్రోత్సాహానికి సదా రుణపడి ఉంటాను’ అని ఉంటుంది. పేరు మార్చి ఏ గైడ్‌కు పంపినా సరిపోతుంది. అందుకే అది ఎవరికీ గుర్తుండదు.

గుర్తుండే ఉత్తరంలో ఏముంటుంది? హైదరాబాద్‌లో ఒక మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్ నుంచి పట్టా పుచ్చుకుని వెళ్తున్న స్కాలర్‌ను ఊహించుకుందాం. ఆమె మూడో ఏడాదంతా ఒక ప్రొటీన్ వెంట తిరిగింది. కణాల్లో ఆ ప్రొటీన్ ఉందో లేదో వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్షలో చూస్తారు. ప్రొటీన్లను పరిమాణాన్ని బట్టి జెల్ మీద విడదీసి, ఒక పొర మీదికి ఎక్కించి, కావలసినదాన్ని యాంటీబాడీతో పట్టుకుంటారు. అనుకున్న పరిమాణం దగ్గరే నల్లటి గీత కనబడింది. ఆ గీతను నమ్ముకుని నెలల తరబడి ప్రయోగాలు సాగాయి. ఒక గ్రూప్ మీటింగ్‌లో గైడ్ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఆ జన్యువును తీసేసిన కణాల్లో కూడా ఈ గీత వస్తోందా? చూస్తే వచ్చింది. జన్యువే లేనిచోట దాని ప్రొటీన్ ఉండదు కాబట్టి, యాంటీబాడీ మరేదో ప్రొటీన్‌ను అంటుకుంటోందన్నమాట. ఒక అధ్యాయం మొత్తం పోయింది.

ఆమె ఉత్తరంలో కృతజ్ఞత ఇక్కడినుంచి మొదలుకావాలి. ‘సార్, ఆ రోజు మీరు నన్ను ఒక్క మాట అనలేదు. నాకౌట్ కణాల్లో చూశావా అమ్మా అని మాత్రం అడిగారు. అప్పట్నుంచి కొత్త యాంటీబాడీ ఏది వచ్చినా ముందు వాటి మీద పరీక్షించకుండా ప్రయోగం మొదలుపెట్టలేదు. కొత్త ల్యాబ్‌లోనూ అలాగే చేస్తాను.’ ఇందులో పొగడ్త లేదు. ఏం జరిగిందో, దానివల్ల తన పని తీరు ఎలా మారిందో ఉంది. అలాంటి ప్రశ్న అడిగిన మాట గైడ్‌కే గుర్తులేకపోవచ్చు. పదిమంది విద్యార్థులతో రోజూ మాట్లాడే మనిషికి తన మాటల్లో ఏది పనిచేసిందో ఇలా ఎవరైనా రాస్తే తప్ప తెలియదు.

ఇక రెండో భాగం. ఇది లేకపోతే ఉత్తరం ఎంత ఆత్మీయంగా ఉన్నా సగమేనని చెప్పాలి. స్కాలర్ వెళ్లిపోయినా ఆమె చేసిన పని మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉండిపోతుంది. మామూలుగా ఒక పెట్టెలో తొమ్మిది వరుసలు, వరుసకు తొమ్మిది గళ్లు. అంటే 81 చిన్న గొట్టాలు పడతాయి. ఒక్కోదాంట్లో గ్లిసరాల్ కలిపి గడ్డకట్టించిన బ్యాక్టీరియా ఉంటుంది. ఆ బ్యాక్టీరియా లోపల ప్లాస్మిడ్, అంటే ఆమె కూర్చిన డీఎన్‌ఏ వలయం, భద్రంగా ఉంటుంది. గొట్టం మూత మీద మాత్రం ‘ఎస్14 కొత్తది’ అని మార్కర్‌తో రాసి ఉంటుంది. ఆ కొత్తది ఏ ఏడాది కొత్తదో ఆమె ఒక్కదానికే తెలుసు. స్పిరిట్ చుక్క తగిలితే ఆ రాత కూడా చెరిగిపోవచ్చు.

మరుసటి ఏడాది చేరిన కుర్రాడు ఆ గొట్టం తీసి, కానమైసిన్ కలిపిన ప్లేటు మీద గీస్తాడు. ఏమీ మొలవదు. బ్యాక్టీరియా చచ్చిపోయిందనుకుని ప్లాస్మిడ్‌ను మళ్లీ మొదట్నుంచి తయారుచేయడానికి కూర్చుంటాడు. నిజానికి అందులో ఉన్నది యాంపిసిలిన్‌ను తట్టుకునే జన్యువు. ప్లేటులో మందు మార్చి ఉంటే మర్నాటికల్లా మొలిచేది. ఇంకో రకం పొరపాటు ఇంతకన్నా ప్రమాదం. బ్యాక్టీరియా చక్కగా మొలుస్తుంది, కాని లోపల ఉన్నది వేరే ప్లాస్మిడ్. సీక్వెన్సింగ్ చేయిస్తే తప్ప ఆ సంగతి బయటపడదు.

కాబట్టి ఉత్తరానికి ఒక పట్టిక జతచేయాలి. గొట్టం ఏ ర్యాక్‌లో, ఏ పెట్టెలో, ఏ గడిలో ఉంది, అందులో ఏముంది, ఏ యాంటీబయాటిక్ వాడాలి, సీక్వెన్స్ ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉంది, రికార్డు పుస్తకంలో ఏ పేజీ చూడాలి అన్నవి అందులో ఉంటే చాలు. అన్నీ కాకపోయినా థీసిస్‌లో వాడిన ముఖ్యమైనవాటినైనా వెళ్లేముందు ఒకసారి ప్లేటు మీద పెంచి, సీక్వెన్స్ సరిచూసి, ‘ఇవి ఏప్రిల్‌లో పరీక్షించాను, మిగతావి పరీక్షించలేదు’ అని రాయాలి. పరీక్షించనివేవో చెప్పడం ఆ కుర్రాడికి మరీ అవసరం. అసలు రికార్డు పుస్తకాలు సంస్థ ఆస్తి, అవి ల్యాబ్‌లోనే ఉంటాయి. తనకు కాపీ కావాలంటే గైడ్ అనుమతి అడగాల్సింది ఈ ఉత్తరంలోనే.

ఫ్రీజర్‌కన్నా సున్నితమైనది, అచ్చుకాని ఫలితాల సంగతి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశారు. భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వాళ్లిద్దరూ 1925లో ప్రకటించారు. ఈనాటికీ దాన్ని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు. 1930లో సుబ్బారావు అక్కడే పీహెచ్‌డీ పొందారు. 1940లో హార్వర్డ్ వదిలి లెడర్లీ కంపెనీకి వెళ్లారు. ఆ రోజుల్లో అదే విభాగంలో ఉండి, తర్వాత 1988లో నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఒక మాట అన్నారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్‌లను ఫిస్కే వెలుగు చూడనివ్వలేదని, వాటిని ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని ఆయన ఆరోపణ. ఒకరి శ్రమ ల్యాబ్ గోడల మధ్యే ఉండిపోతే నష్టం ఆ ఒక్కరిది కాదు, శాస్త్రానిది కూడా.

అందుకే మన స్కాలర్ ఉత్తరంలో ఒక పేరా దీనికోసం ఉండాలి, అదీ మెత్తగానే, కాని స్పష్టంగా. ‘సార్, రెండో పేపర్ డ్రాఫ్ట్ మీకు పంపాను. నాలుగు బొమ్మల్లో మూడు పూర్తయ్యాయి. నాలుగోదానికి ఇంకొక్కసారి ప్రయోగం చేయాలి. దాన్ని జూనియర్ చేసేటట్టు, మొదటి పేరు నాది, రెండోది తనది ఉండేటట్టు మార్చిలో మనం ముగ్గురం అనుకున్నాం. సమీక్షకులు కొత్త ప్రయోగాలు అడిగితే రాతపని నేను చూసుకుంటాను, బెంచి పని ఎవరు చేస్తారో అప్పుడు మాట్లాడుకుందాం.’ ఎదురుగా కూర్చుని అనుకున్నదాన్నే ఇలా తేదీతో సహా రాసిపెడితే, రెండేళ్ల తర్వాత పేపర్ కదిలినప్పుడు ఎవరి జ్ఞాపకం సరైనదనే తగువు రాదు. గైడ్‌ను అనుమానించినట్టు అవుతుందేమోనని చాలామంది ఈ పేరా రాయరు. మొహమాటపడి ఊరుకుంటే ఎక్కువ నష్టపోయేది దూరంగా వెళ్లిపోయినవాళ్లే.

గైడ్‌తో పొసగని స్కాలర్లూ ఉంటారు. లేని ప్రేమ వాళ్లు నటించనక్కర్లేదు. నేర్చుకున్నది ఒక్కటి ఉన్నా దాన్నే నిజాయితీగా రాసి, పట్టిక జతచేస్తే మర్యాదకు లోటు లేదు. ఫిర్యాదులుంటే వాటికి డాక్టోరల్ కమిటీ, డీన్ ఆఫీసు ఉన్నాయి. ఈ ఉత్తరంలో వాటిని దూరిస్తే ఫ్రీజర్ పట్టిక చదివే ఓపిక కూడా ఎవరికీ మిగలదు.

సిఫారసు లేఖ అడగడం కూడా ఇందులో కలపకూడదు. కలిపితే పైన రాసిన కృతజ్ఞతంతా దానికోసమేనని అనిపిస్తుంది. దానికి విడిగా, గడువుకు కొన్ని వారాల ముందే, బయోడేటా, ఉద్యోగ ప్రకటన జతచేసి రాయాలి. ఈ ఉత్తరం చివర ఉండాల్సింది సొంత ఈమెయిల్ చిరునామా, 16 అంకెల ఓర్సిడ్ నంబరు. సంస్థ ఇచ్చిన ఈమెయిల్ కొన్నాళ్లకు మూసేస్తారు. అప్పుడు పెట్టె తెరిచి నిలబడ్డ ఆ కుర్రాడికి ఆమెను అడిగే దారి ఆ సొంత చిరునామా ఒక్కటే.