ఏటా ఎన్ని టన్నులు పట్టొచ్చు?

పెరూ తీరంలో 1970లో 1.2 కోట్ల టన్నులకు పైగా నెత్తళ్లు పట్టారు. 1973 వచ్చేసరికి ఆ వేట సుమారు 20 లక్షల టన్నులకు పడిపోయింది. ఎల్ నీనో వల్ల సముద్రపు నీరు వేడెక్కడం ఒక కారణం. అంతకుముందు ఏళ్ల తరబడి సాగిన అతివేట మరో కారణం. అంత సంపద అంత తొందరగా ఎలా కూలుతుంది? దీని లెక్క తెలియాలంటే ఒక చిన్న సమీకరణం, ఒక నిలువు గీత చాలు.

ఒక జలాశయాన్ని ఊహించుకుందాం. అందులోని తిండి, చోటు 1000 టన్నుల చేపలకే సరిపోతాయి. చేపలు బాగా తక్కువగా ఉన్నప్పుడు ఏడాదికి 80 శాతం రేటున పెరుగుతాయి. రద్దీ పెరిగేకొద్దీ ఆ రేటు తగ్గి, 1000 దగ్గర సున్నా అవుతుంది. దీన్ని లాజిస్టిక్ పెరుగుదల (హద్దుకు లోబడిన పెరుగుదల) అంటారు. ఏటా H టన్నులు పడితే, చేపల మొత్తం P మారే రేటు ఇదీ:

dP/dt = 0.8 P (1 − P/1000) − H

కుడివైపు కాలం t ఎక్కడా లేదు. ఇలాంటివాటిని అటానమస్ సమీకరణాలు (మార్పు రేటు ప్రస్తుత స్థితి మీదే ఆధారపడేవి) అంటారు. కాబట్టి దీన్ని పూర్తిగా సాధించే పని లేదు. P విలువలకు ఒక నిలువు గీత గీయండి. రేటు సున్నా అయ్యేచోట చుక్క పెట్టండి. రేటు ధనాత్మకమైతే పైకి, ఋణాత్మకమైతే కిందికి బాణం వేయండి. ఇదే ఫేజ్ లైన్ (స్థితుల గీత). చేపల భవిష్యత్తు ఆ బాణాల్లోనే ఉంటుంది.

H = 150 అనుకుందాం. చుక్కలు 250 దగ్గర, 750 దగ్గర పడతాయి. వాటి మధ్య బాణం పైకి, 750 పైన కిందికి. అంటే 750 స్థిరమైన చుక్క: కొంచెం అటూ ఇటూ అయినా చేపలు మళ్లీ అక్కడికే చేరతాయి. కానీ 250 కింద బాణం కిందికే. ఒక చెడ్డ ఏడాదిలో చేపలు 240 టన్నులకు పడితే, అదే 150 టన్నుల వేట వాటిని తుడిచిపెట్టేస్తుంది.

ఇప్పుడు వేటను 190కి పెంచండి. చుక్కలు 388కీ 612కీ జరుగుతాయి. ఇంతకుముందు 500 టన్నుల దెబ్బకైనా తట్టుకునే చోట ఇప్పుడు 224 టన్నుల దెబ్బ చాలు. 40 టన్నుల అదనపు వేటకు సగానికి పైగా రక్షణ పోయింది. ఇంకా పెంచి 200కి చేరితే రెండు చుక్కలూ 500 దగ్గర కలిసిపోతాయి. ఇదే సందిగ్ధ వేట రేటు (దీన్ని దాటితే నిలకడే ఉండదు). పెరుగుదల రేటును r, హద్దును K అంటే దాని విలువ rK/4.

వేట 210 అయితే గీత మీద చుక్కలే ఉండవు, ఎక్కడ చూసినా కిందికే బాణం. అయినా ప్రమాదం వెంటనే కనబడదు. 500 దగ్గర తరుగుదల ఏడాదికి 10 టన్నులే. లెక్కగడితే 600 నుంచి 400కి దిగడానికి సుమారు 16 ఏళ్లు పడుతుంది. అక్కడి నుంచి సున్నాకి ఏడేళ్లే. ఆ 16 ఏళ్లూ రేవులో దిగేది ప్రతి ఏడూ 210 టన్నులే కాబట్టి, వేట లెక్కలు చూసేవారికి అంతా బాగున్నట్టే ఉంటుంది. చూడవలసింది మొత్తం వేటను కాదు. ఒక పడవ ఒక రోజులో తెచ్చే చేపలు తగ్గుతుంటే అదే ఆనవాలు.

r మారదన్నది ఈ నమూనాలో పెద్ద ఊహ. నీరు వేడెక్కి r 0.8 నుంచి 0.55కి పడితే, సందిగ్ధ రేటు 200 నుంచి 137.5కి దిగుతుంది. నిన్నటిదాకా క్షేమమైన 150 టన్నుల కోటా ఆ రోజు నుంచి ప్రాణాంతకం. కోటా అంకెలో మాత్రం తేడా ఉండదు. పెరూ విషయంలో సరిగ్గా ఇదే జరిగిందనలేం. అక్కడ వేట ఏటా ఒకేలా లేదు, చేపపిల్లల పుట్టుక కూడా దెబ్బతింది. కానీ అతివేట, వేడి నీరు కలిస్తే పతనం ఎందుకు అంత నిటారుగా ఉంటుందో ఈ గీత చూపిస్తుంది.

కోటాను టన్నుల్లో కాక శాతంలో పెడితే? ఉన్న చేపల్లో ఏటా 20 శాతం పట్టమందాం. నిలకడ 750 దగ్గరే, వేట 150 టన్నులే. మామూలు ఏళ్లలో రెండు నియమాలకీ తేడా తెలియదు. చేపలు 240కి పడిన ఏడు తేడా బయటపడుతుంది. అప్పుడు పెరుగుదల ఏడాదికి సుమారు 146 టన్నులు. టన్నుల కోటా 150 అడుగుతుంది. శాతం కోటా 48 అడుగుతుంది, మిగతాది నీళ్లలో ఉండిపోతుంది.