చోక్ తీస్తే ఆగిపోయే జనరేటర్

వేసవిలో వాడి మూలన పెట్టిన చిన్న పెట్రోల్ జనరేటర్ తుపాను రోజుల్లో మళ్లీ గుర్తొస్తుంది. తాడు లాగితే స్టార్ట్ అవుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. లేదా శబ్దం హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది, దానితోపాటే బల్బు వెలుగూ ఊగుతుంది. ఇంజను పోయిందని బెంగపడక్కర్లేదు. చాలాసార్లు తప్పంతా కార్బురేటర్‌లో వెంట్రుకంత రంధ్రానిది.

చోక్ వేస్తే ఇంజనుకు గాలి తగ్గి, పెట్రోల్ పాలు పెరుగుతుంది. వేడెక్కాక కూడా సగం చోక్ మీదే నడుస్తోందంటే పెట్రోల్ చాలడం లేదన్నమాట. ఊగడానికీ అదే కారణం. 50 హెర్ట్జ్ కరెంటు రావాలంటే ఈ ఇంజను నిమిషానికి సుమారు 3000 చుట్లు తిరగాలి. పెట్రోల్ అందక వేగం పడిపోగానే గవర్నర్ థ్రాటిల్ తెరుస్తుంది, వేగం హద్దు దాటితే మూస్తుంది, మళ్లీ పడిపోతుంది. ఇది చూసి గవర్నర్ స్ప్రింగును కదిలించేవాళ్లున్నారు. దయచేసి దాని జోలికి పోవద్దు. వేగం పెరిగితే ఓల్టేజి పెరిగి టీవీలూ ఫ్రిజ్‌లూ కాలిపోవచ్చు.

కొంతసేపు నడిచి ఆగుతోందా? ముందు ట్యాంకు మూత వదులు చేసి చూడండి. మళ్లీ సాఫీగా నడిస్తే మూతలోని గాలి రంధ్రం పూడిందని అర్థం. మూత మార్చితే చాలు.

మార్పు లేకపోతే ఇంజను చల్లారాక, నిప్పుకు దూరంగా, ఆరుబయట పెట్రోల్ కాక్ కట్టేసి, కార్బురేటర్ కింది గిన్నెకున్న డ్రెయిన్ స్క్రూ విప్పి, ఉన్న పెట్రోల్‌ను గాజు సీసాలో పట్టండి. కాసేపాగితే అడుగున వేరే పొర కనిపించవచ్చు. అది నీరే. ఇప్పటి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, తేమ ఎక్కువైతే నీటితో కలిసి అడుగుకు దిగుతుంది. ఘాటు తగ్గి పాతవాసన వేస్తుంటే ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కొత్తది పోయాలి.

అప్పటికీ మారకపోతే జెట్లు విప్పాలి. లోడు లేనప్పుడు ఊగి, ఫ్యాన్లు వేయగానే కుదురుకుంటే అనుమానం పైలట్ జెట్ మీద. లోడు వేయగానే ఆగిపోతే మెయిన్ జెట్ మీద. మెయిన్ జెట్ గిన్నె తీస్తే మధ్య స్తంభంలో ఉంటుంది, పైలట్ జెట్ చాలా మోడళ్లలో పక్కన పైభాగంలో. వెలుతురుకెదురుగా పట్టుకుంటే రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా కనిపించాలి. కార్బురేటర్ క్లీనర్ కొట్టి, వైరులోంచి తీసిన సన్నని రాగి పోగుతో మెల్లగా తుడవాలి. ఉక్కు సూది గుచ్చితే రంధ్రం పెద్దదై జెట్ పాడవుతుంది. శుభ్రం చేశాక కూడా ఊగితే కార్బురేటర్, ఇంజను మధ్య గ్యాస్కెట్ దగ్గర గాలి లీకవుతోందేమో మెకానిక్‌తో చూపించాలి.

మళ్లీ మూలన పెట్టే ముందు పెట్రోల్ కాక్ కట్టేసి ఇంజను తనంతట తాను ఆగేదాకా నడిపి, గిన్నెలో మిగిలింది డ్రెయిన్ స్క్రూ ద్వారా తీసేయండి. జెట్లను పూడ్చే జిగురు ఆ మిగిలిన పెట్రోల్ ఆరిపోయాకే ఏర్పడుతుంది.