పార్శిల్ ఎక్కడ బయల్దేరింది? చివరి రెండక్షరాలు చూడండి

లండన్ దుకాణమని చెప్పుకున్న వెబ్‌సైటులో మీరు చేతిగడియారం కొన్నారనుకుందాం. నాలుగు రోజులకు ట్రాకింగ్ నంబరు వచ్చింది: RR123456785CN. ఆ గడియారం లండన్‌లో పోస్టు కాలేదని చెప్పడానికి ఈ నంబరు చాలు. లండన్‌లో తపాలాకు ఇచ్చి ఉంటే చివర GB ఉండేది. CN అంటే చైనా.

ప్రపంచ దేశాల తపాలా శాఖలన్నీ పాటించే పద్ధతి ఇది. దీన్ని స్విట్జర్లాండ్‌లోని బెర్న్ కేంద్రంగా పనిచేసే యూనివర్సల్ పోస్టల్ యూనియన్ నిర్ణయించింది. నంబరులో మొత్తం 13 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండక్షరాలు సేవ ఏ రకమో చెబుతాయి. R తో మొదలైతే రిజిస్టర్డ్, C అయితే పార్శిల్, E అయితే స్పీడ్ పోస్ట్ తరహా వేగవంతమైన సేవ. ఆ తర్వాత ఎనిమిది అంకెల వరుస సంఖ్య. తొమ్మిదోది సరిచూసుకునే అంకె. ముందున్న ఎనిమిదింటి మీద ఒక లెక్క వేస్తే వచ్చేది అది. 12345678 కి వచ్చేది 5. చివర 7, 8 తారుమారు చేసి టైపు చేస్తే 3 రావాలి, కాబట్టి కంప్యూటరు తప్పును అక్కడే పట్టేస్తుంది. చిట్టచివరి రెండక్షరాలే దేశం.

ఈ దేశం మధ్యలో మారదు. గుంటూరు నుంచి డాలస్‌కు స్పీడ్ పోస్టులో పంపిన పచ్చళ్ల డబ్బా అమెరికా చేరాక కూడా దాని నంబరు IN తోనే ముగుస్తుంది. అదే నంబరును అమెరికా తపాలా సైటులో వేసినా జాడ దొరుకుతుంది.

అయితే కొన్ని అక్షరాలు తికమక పెడతాయి. CH చైనా కాదు, స్విట్జర్లాండ్. జర్మనీది DE, GE అంటే జార్జియా. AU ఆస్ట్రేలియా, AT ఆస్ట్రియా.

దీనికి హద్దూ ఉంది. ఆ అక్షరాలు చెప్పేది నంబరు ఇచ్చిన తపాలా శాఖ ఏ దేశానిదన్నదే, సరుకు ఎక్కడ తయారైందన్నది కాదు. చైనా వ్యాపారులు కొందరు సరుకును సింగపూర్ తపాలాకు అప్పగిస్తారు. అప్పుడు చివర SG కనిపిస్తుంది. డీహెచ్ఎల్, ఫెడెక్స్ వంటి కొరియర్లకు వాటి సొంత నంబర్లుంటాయి, ఈ పద్ధతి వాటికి వర్తించదు.

కాబట్టి అమ్మకందారు చెప్పిన దేశం ఒకటి, నంబరు చివర దేశం మరొకటి అయితే వెంటనే మోసమని తేల్చేయకండి. పార్శిల్ నిజంగా ఎక్కడి నుంచి వస్తోందో అమ్మకందారును అడగండి; డబ్బు వాపసు కోరే గడువు దాటకముందే అడగండి.