రెండు గీతల మధ్య దూరం

చేతిరాతలో ఉన్న అంకెల్ని చదివే ప్రోగ్రామ్ ఒకటి ఉంది. నూటికి పన్నెండు అంకెల్ని తప్పుగా చదువుతోంది. ఇప్పుడేం చేయాలి? ఇంకా నమూనాలు సేకరిద్దామని ఒకరంటారు. అంటే మనుషుల చేత రాయించాలి, స్కాన్ చేయాలి, ఏది ఏ అంకో ఒక్కొక్కదానికీ పేరు పెట్టాలి. మోడల్‌నే మార్చి ఇంకా క్లిష్టమైనది తెద్దామని మరొకరంటారు. రెంటికీ ఖర్చవుతుంది, రెంటికీ నెలలు పట్టవచ్చు. చేతిలో ఉన్న డేటాతోనే ఒక గ్రాఫ్ గీసి చూస్తే ఈ వాదన చాలావరకు తేలిపోతుంది. ఆ గ్రాఫ్ పేరు లర్నింగ్ కర్వ్.

ఈ ఉదాహరణ ఊహించి చెప్పింది కాదు. 1998లో యాన్ లెకున్, లియోన్ బొట్టూ, యోషువా బెంజియో, పాట్రిక్ హాఫ్నర్ కలిసి రాసిన పరిశోధన వ్యాసంలోదే. ఎమ్‌నిస్ట్ అనే అంకెల బొమ్మల సేకరణలో 60,000 బొమ్మలు నేర్పడానికి, 10,000 పరీక్షకు కేటాయించారు. అన్నిటికన్నా సాదా మోడల్‌తో, అంటే ప్రతి చుక్క నలుపుకూ ఒక తూకం ఇచ్చి కూడే పద్ధతితో, పరీక్ష బొమ్మల్లో 12 శాతం తప్పు పోయాయి. పొరలు పొరలుగా కట్టిన లెనెట్-5 అనే న్యూరల్ నెట్‌వర్క్‌తో తప్పులు 0.95 శాతానికి దిగాయి.

ముందు గ్రాఫ్ ఎలా గీస్తారో చూద్దాం. పరీక్ష బొమ్మల్ని పక్కన పెట్టి, వాటిని ముట్టుకోకూడదు. మిగిలిన వాటిలోంచి ఏ వరసా లేకుండా 1,000 బొమ్మలు తీసి, వాటితో మాత్రమే మోడల్‌కు నేర్పాలి. తర్వాత రెండు లెక్కలు తీయాలి: నేర్చుకున్న ఆ 1,000 బొమ్మల మీద ఎంత శాతం తప్పింది, ఎన్నడూ చూడని బొమ్మల మీద ఎంత తప్పింది. ఆ పైన 2,000, 4,000, 8,000 బొమ్మలతో ఇదే పని చేయాలి, ప్రతిసారీ మోడల్‌కు మొదటి నుంచి నేర్పుతూ. అడ్డంగా డేటా పరిమాణం, నిలువుగా తప్పుల శాతం పెట్టి చుక్కలు కలిపితే రెండు గీతలు వస్తాయి. ఒకటి నేర్చిన బొమ్మల గీత, రెండోది కొత్త బొమ్మల గీత. ఒకే డేటాను మళ్లీమళ్లీ తిప్పుతూ తప్పులు ఎలా తగ్గుతున్నాయో చూపే గ్రాఫ్‌ను కూడా కొందరు ఇదే పేరుతో పిలుస్తారు. మన ప్రశ్నకు అది జవాబు చెప్పదు.

చాలామంది కొత్త బొమ్మల గీతనే చూస్తారు. ముందు చూడాల్సింది నేర్చిన బొమ్మల గీతనని నా అభిప్రాయం. సాదా మోడల్‌కు కొద్ది బొమ్మలే ఇస్తే వాటిని దాదాపు తప్పులేకుండా ఒప్పజెబుతుంది. బొమ్మలు పెరిగేకొద్దీ అన్నిటికీ సరిపోయే తూకాలు దానికి దొరకవు, ఆ గీత పైకి లేస్తుంది. కొత్త బొమ్మల గీత పైనుంచి కిందికి దిగుతుంది. రెండూ ఒక ఎత్తు దగ్గర దాదాపు కలిసిపోయి, అక్కడి నుంచి చదునుగా సాగుతాయి. తాను చూసిన బొమ్మల్లోనే అన్ని తప్పులు చేస్తున్న మోడల్‌కు ఇంకో లక్ష బొమ్మలు తెచ్చిపోసినా ఫలితం ఉండదు. దానికున్న తూకాలు మొత్తం 7,850. ఒక చుక్క, దాని పక్క చుక్కతో కలిసి వంపుగా మారిందా లేదా అన్నది కనిపెట్టే దారే దాని కట్టడంలో లేదు. ఇక్కడ మోడల్ మార్చాలి.

లెనెట్-5 సంగతి వేరు. నేర్చిన బొమ్మల మీద దాని తప్పులు 0.35 శాతానికి దిగితే, కొత్తవాటి మీద 0.95 దగ్గర ఆగాయి. రెండు గీతల మధ్య ఖాళీ మిగిలింది. చూసినవాటిని దాదాపు పూర్తిగా పట్టుకుంది, చూడనివాటి దగ్గర తడబడుతోంది. అప్పుడు వాళ్లు 15,000, 30,000, 60,000 బొమ్మలతో విడివిడిగా నేర్పి చూశారు. కొత్త బొమ్మల గీత కుడి చివరన కూడా కిందికే దిగుతోంది. ఇంకా డేటా ఉంటే ఇంకా బాగుపడుతుందని దాన్నిబట్టి గ్రహించారు. కొత్తగా రాయించే బదులు, ఉన్న బొమ్మల్నే కాస్త జరిపి, సాగదీసి, నొక్కి, వాల్చి మరో 5,40,000 తయారుచేశారు. తప్పులు 0.8 శాతానికి తగ్గాయి.

గీత దిగుతోందంటే ఎంత దిగుతుందో కూడా అడగాలి. మాటవరసకి 15,000 బొమ్మలతో 4 శాతం, 30,000తో 3, 60,000తో 2.25 శాతం తప్పులు వచ్చాయనుకుందాం. డేటా రెట్టింపైన ప్రతిసారీ తప్పులు ముప్పాతికకు తగ్గుతున్నాయి. ఇదే తీరు సాగితే 1 శాతం కిందికి రావడానికి ఇంకా మూడుసార్లు రెట్టింపు చేయాలి, అంటే 4,80,000 బొమ్మలు. ఇప్పుడున్న దానికి ఎనిమిది రెట్లు. అన్ని బొమ్మలకు పేర్లు పెట్టించే ఖర్చు పక్కన రాసి చూస్తే నిర్ణయం సులువవుతుంది. అడ్డగీత మీద సమదూరాలకు బదులు రెట్టింపుల లెక్కన గుర్తులు పెట్టమనేది ఇందుకే. మామూలు కొలతతో గీస్తే దిగుతున్న గీత కూడా చదునుగా ఉన్నట్టు కనిపించి మోసం చేస్తుంది.

మోసాలు ఇంకా ఉన్నాయి. పరీక్షకు 1,000 బొమ్మలే ఉంటే 1 శాతమంటే పది బొమ్మలు. రెండు మూడు బొమ్మలు అటూ ఇటూ అయినా గీత వంకర తిరుగుతుంది. అందుకే ఒక్కో పరిమాణానికి వేర్వేరు బొమ్మలు తీసి కొన్నిసార్లు చేసి సగటు వేస్తారు. రెండు గీతలూ ఎత్తులోనే కలిశాయంటే మోడల్ చిన్నదనే కాదు, బొమ్మలకు పేర్లే తప్పుగా పెట్టి ఉండవచ్చు, ప్రోగ్రామ్‌లోనే పొరపాటు ఉండవచ్చు. యాభై బొమ్మలు మాత్రమే ఇచ్చి నేర్పండి. మంచి క్లిష్టమైన మోడల్ వాటినైనా తప్పులేకుండా ఒప్పజెప్పలేకపోతే లోపం ప్రోగ్రామ్‌లో వెతకాలి. ఇంకొకటి, కొన్ని వందల బొమ్మల దగ్గర క్లిష్టమైన మోడల్ కంటే సాదాదే నెగ్గవచ్చు, వేల దగ్గరికి వచ్చేసరికి గీతలు ఒకదాన్నొకటి దాటతాయి. చిన్న డేటా మీద పోటీ పెట్టి విజేతను ఖాయం చేయడం తొందరపాటే.

అన్నిటికన్నా పెద్ద చిక్కు డేటా ఎక్కడినుంచి వచ్చిందన్నది. ఎమ్‌నిస్ట్‌కు మూలమైన అమెరికా బొమ్మలు రెండు గుంపులవి: జనగణన శాఖ ఉద్యోగులు రాసినవి, హైస్కూలు విద్యార్థులు రాసినవి. ఉద్యోగుల రాత శుభ్రంగా, చదవడానికి సులువుగా ఉంటుంది. మొదట ఉద్యోగుల బొమ్మల్ని నేర్పడానికీ, విద్యార్థులవి పరీక్షకూ అని విడదీసి ఇచ్చారు. అలా చేస్తే గీతల మధ్య ఖాళీ ఉంటుంది గానీ, ఉద్యోగుల బొమ్మలు ఎన్ని చేర్చినా అది సరిగా పూడదు. లెకున్ బృందం రెండు గుంపుల్నీ రెండు వైపులా సమంగా కలిపింది. నేర్పడానికి రాసినవాళ్లూ పరీక్షకు రాసినవాళ్లూ వేరువేరుగా ఉండేలా కూడా చూసింది. ఒకే మనిషి రాత రెండు వైపులా ఉంటే ఖాళీ ఉన్నదానికన్నా చిన్నదిగా కనిపించేది.

చివరికి లెనెట్-5 తప్పు చదివిన 82 బొమ్మల్ని వాళ్లు ఆ వ్యాసంలోనే అచ్చువేశారు. కొన్ని మనిషికి కూడా అంతుపట్టవు, వాటిని ఏ డేటా బాగుచేయదు. మరికొన్ని మనకు ఇట్టే తెలిసిపోతాయి, కాకపోతే అలా రాసేవాళ్లు ఆ సేకరణలో తక్కువ. డేటా పెరిగితే ఇంకా మెరుగుపడుతుందని వాళ్లు ధైర్యంగా రాసింది ఈ రెండో రకాన్ని చూసే. గ్రాఫ్ డేటా తెమ్మందంటే, ఎవరి చేత రాయించాలో ఆ రెండో రకం బొమ్మలు చెబుతాయి.