తోక పోయిన మాటలు

‘రన్’ అంటే పరుగు. పరుగెత్తడమూ ‘రన్’నే. ‘లైట్’ అంటే వెలుగు, వెలిగించడమూ ‘లైట్’ే. ఇంగ్లిష్ నేర్చుకునే తెలుగువాడికి ఇది మొదట్లో ఎంత సుఖంగా ఉంటుందో, తర్వాత అంత చిక్కు పెడుతుంది. ఒకే మాట వచ్చి ఎదురుగా నిలబడితే అది వస్తువా, పనా అని ఎలా చెప్పాలి?

తెలుగులో ఈ బెడద తక్కువ. ఆట వేరు, ఆడు వేరు. చూపు వేరు, చూడు వేరు. ‘నవ్వు’, ‘తిట్టు’, ‘కుట్టు’ లాంటివి కొన్ని రెండు పనులకూ ఒకే రూపంలో ఉన్నా, వాక్యంలోకి రాగానే వెనకాల ఒక తోక తగిలించుకుంటాయి. ‘నవ్వింది’ అంటే క్రియ, ‘నవ్వుకి’ అంటే నామవాచకం. వాక్యంలో మాటల్ని కాస్త అటూ ఇటూ జరిపినా ఆ తోక చూసి పోల్చుకోవచ్చు.

ఇంగ్లిష్‌కీ ఒకప్పుడు ఇలాంటి తోకలుండేవి. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో ప్రేమ ‘లువు’, ప్రేమించడం ‘లువియన్’. వెలుగు ‘లేఓహ్ట్’, వెలిగించడం ‘లీహ్తన్’. చివర ‘అన్’ వినిపిస్తే క్రియ అని తెలిసేది. పదకొండో శతాబ్దం తర్వాత మాట చివరి అచ్చులు నాలుక మీద నలిగి బలహీనపడ్డాయి, పదిహేనో శతాబ్దానికి దాదాపు మూగబోయాయి. తోకలు ఊడిపోగా మిగిలిన మొండేలు రెండూ ఒకేలా తయారయ్యాయి. ‘లవ్’ ఒకటే మిగిలింది, ‘లైట్’ ఒకటే మిగిలింది. దారి ఇలా సుగమం అయ్యాక, ఏ నామవాచకాన్నైనా పట్టుకుని క్రియగా వాడేయడం ఇంగ్లిష్‌వాళ్లకు అలవాటైపోయింది. ‘రన్’ అయితే మరీ విస్తరించింది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీకి ఆ మాటను క్రియగా మళ్లీ పరిశీలించిన పీటర్ గిల్లివర్‌కు తొమ్మిది నెలలు పట్టింది. చివరికి 645 అర్థాలు తేలాయి. క్రికెట్లో తీసే పరుగు నామవాచకం కాబట్టి అది ఈ లెక్కలోకి రాదు.

తోక పోయాక గుర్తుపట్టే భారం మాట నిలబడిన చోటు మీద పడింది. ముందు ‘ఎ’ గానీ ‘ది’ గానీ ఉంటే, వెనక వచ్చేది నామవాచకమని చెవి ముందే సిద్ధమవుతుంది. ‘షి వెంట్ ఫర్ ఎ రన్’లో ‘రన్’ పరుగే. ‘దే రన్ ఎ హోటల్’లో కర్తకూ కర్మకూ మధ్య కూర్చుంది కాబట్టి క్రియ, అర్థం కూడా ‘నడుపుతారు’ అని మారింది. ముందున్న మాట ఒక్కటే అన్నిసార్లూ చాలదు. ‘ఫ్రమ్ డార్క్‌నెస్ టు లైట్’లో ‘లైట్’ వెలుగు. ‘టు లైట్ ది ల్యాంప్’లో వెలిగించడం. రెండింటిలోనూ ముందున్నది ‘టు’నే. రెండోదాంట్లో వెనక ‘ది ల్యాంప్’ అనే కర్మ వచ్చింది, తేల్చింది అదే.

ఈ చిన్నచిన్న మాటల్ని తీసేస్తే ఏమవుతుందో పత్రికల హెడ్డింగులు చూపిస్తాయి. 2009లో జపాన్‌కి సంబంధించిన ఒక ఇంగ్లిష్ హెడ్డింగ్ ‘వయొలినిస్ట్ లింక్డ్ టు జేఏఎల్ క్రాష్ బ్లాసమ్స్’ అని వచ్చింది. జేఏఎల్ అంటే జపాన్ ఎయిర్‌లైన్స్. 1985 ఆగస్టు 12న ఆ సంస్థ విమానం కూలి 520 మంది చనిపోయారు. ఆ ప్రమాదంలో తండ్రిని పోగొట్టుకున్న వయొలిన్ కళాకారిణి ఇప్పుడు రాణిస్తోందని వార్త. చదివినవాళ్లలో చాలామందికి మాత్రం ‘క్రాష్ బ్లాసమ్స్’ అంటే అవేం పూలో అర్థం కాలేదు. ‘బ్లాసమ్స్’ పూలూ కావచ్చు, వికసిస్తుందనీ కావచ్చు. ‘లింక్డ్’ కూడా జంటపనివాడే. ‘సంబంధముంది’ అనే క్రియగానూ కుదురుతుంది, ‘సంబంధమున్న’ అనే విశేషణంగానూ కుదురుతుంది. చదివేవాళ్లు మొదట ఎదురైన ‘లింక్డ్’నే క్రియ అనుకున్నారు. దాంతో వాక్యం చివర నిలబడ్డ అసలు క్రియ పూలైపోయింది. ముందు ‘హూ వాజ్’ అని రెండు మాటలు పెట్టి ఉంటే ఈ గొడవే లేదు. అప్పటినుంచి ఇలా తడబెట్టే హెడ్డింగులకు ఇంగ్లిష్ ఎడిటర్లు ‘క్రాష్ బ్లాసమ్’ అనే పేరు ఖాయం చేశారు.

చోటు తర్వాత రెండో ఆధారం స్ట్రెస్. మన భాషావేత్తలు దీన్ని ఊనిక అంటారు. ఒకే అక్షరం ఉన్న ‘రన్’, ‘లైట్’లకు దీనితో పని లేదు. రెండక్షరాల మాటల్లో, ముఖ్యంగా లాటిన్, ఫ్రెంచి నుంచి వచ్చినవాటిలో, దీని ఆట కనిపిస్తుంది. మొదటి అక్షరం మీద ఊనితే నామవాచకం, రెండోదాని మీద ఊనితే క్రియ.

‘ప్రెజెంట్’నే తీసుకుందాం. బహుమతి అన్నప్పుడు ఊనిక ‘ప్రె’ మీద పడుతుంది. ఆ అక్షరం కాస్త సాగుతుంది, గొంతు లేస్తుంది. రెండోది నలిగిపోయి ‘ప్రెజ్ంట్’ లాగా వినిపిస్తుంది. సమర్పించడం అన్నప్పుడు అంతా తిరగబడుతుంది. మొదటిది ‘ప్రి’ అని కుంచించుకుపోతుంది, ‘జెంట్’ నిండుగా పలుకుతుంది. అంటే ఊనిక గట్టిగా అరవడం కాదు, ఒక అక్షరానికి చోటిచ్చి పక్కదాన్ని నొక్కేయడం. తెలుగు నాలుకకు కష్టం ఈ నొక్కేయడం దగ్గరే. మనం ప్రతి అచ్చునూ నిండుగా పలుకుతాం. ‘పలు’లో అచ్చు సాగితే ‘పాలు’ అవుతాయి, ‘గద’లో హల్లు ఒత్తితే ‘గద్ద’ ఎగురుతుంది, కానీ ఊనిక మారినంత మాత్రాన తెలుగు మాటకు అర్థం మారదు. అందుకే మనవాళ్ల ‘ప్రెజెంట్’ రెండు అర్థాలకూ ఒకే ఎత్తులో నడుస్తుంది. చోటు చూసి ఇంగ్లిష్‌వాళ్లు ఎలాగో సర్దుకుంటారు గానీ, ఒక్క క్షణం ఆగి సర్దుకుంటారు.

ఈ పద్ధతి ఎప్పుడు పుట్టిందో కొంతవరకు లెక్క దొరుకుతుంది. 1570లో పీటర్ లెవిన్స్ వేసిన నిఘంటువులో ఊనికతో విడిపోయిన జంటలు మూడే కనిపించాయి: ‘ఔట్‌లా’, ‘రెబెల్’, ‘రికార్డ్’. 1934 నాటికి అవి 150 అయ్యాయి. ఇంకా చేరుతూనే ఉన్నాయి. ‘అడ్రస్’నే చూస్తే, బ్రిటన్‌లో చిరునామాకూ ప్రసంగించడానికీ చాలామంది రెండో అక్షరాన్నే ఊనుతారు. అమెరికాలో చిరునామా అన్నప్పుడు ‘అ’ మీదికి ఊనిక వచ్చేసింది.

ఇలాంటి మాటలు తెలుగులోకి వచ్చినప్పుడు మనం వాటికి ఊనిక నేర్పలేదు, మన పద్ధతిలో కొత్త తోక కట్టాం. ‘రికార్డు’ ఏదైనా ముందు నామవాచకంలాగే నిలబడుతుంది, పని చెప్పాలంటే ‘చేశారు’ అంటాం. అచ్చంగా క్రియలైన ‘ట్రై’, ‘అడ్జస్ట్’ కూడా ‘ట్రై చేయి’, ‘అడ్జస్ట్ అవ్వు’ అయ్యాయి. మోటారు ‘రన్ అవుతుంది’, బ్యాట్స్‌మన్ ‘రన్ తీస్తాడు’, ఇంట్లో ‘లైటు వేస్తారు’. ఇంగ్లిష్ మాట మనింట్లో అడుగుపెట్టగానే అది ఏ జాతిదో ‘చేయి’, ‘అవ్వు’, ‘వెయ్యి’ చెప్పేస్తాయి.

ఇంగ్లిష్‌లోనే మాట్లాడాల్సివస్తే మాత్రం ఆ ఊతం ఉండదు. సూత్రాన్ని గుడ్డిగా నమ్మినా దెబ్బే. ‘రిపోర్ట్’, ‘సపోర్ట్’, ‘కంట్రోల్’ నామవాచకమైనా క్రియ అయినా రెండో అక్షరం మీదే ఊనుతాయి. వీటిలో మొదటి అక్షరాన్ని ఊనితే తప్పు. అనుమానమొస్తే నిఘంటువు తెరిచి ఉచ్చారణ చూడాలి. అక్కడ పైకి నిలబెట్టిన చిన్న గీత ఏ అక్షరానికి ముందు కనిపిస్తే ఊనిక దాని మీదే. ‘పర్మిట్’, ‘ప్రెజెంట్’ దగ్గర నామవాచకానికీ క్రియకూ ఆ గీత వేర్వేరు చోట్ల ఉంటుంది, ‘రిపోర్ట్’ దగ్గర కదలదు.