మాటల రాశిలోంచి మినిట్స్

సమావేశం రికార్డింగును పొల్లుపోకుండా రాసిపెట్టినా అది మినిట్స్ కాదు. మనం ఏ నిర్ణయాన్నీ ఒకే వాక్యంలో చెప్పం. సగం ఒకచోట అని, మిగతా సగం ఇంకో గొడవ మధ్యలో అంటాం. ఒక అపార్ట్‌మెంటు సంఘం 2025 మార్చి 9, ఆదివారం నాడు నీళ్ళ మోటారు గురించి ఇలా మాట్లాడుకుందనుకోండి. పక్కనున్నవి నిమిషాలు, సెకన్లు.

12:10 సెక్రటరీ: రీవైండింగ్‌కి పదహారు వేలు అడుగుతున్నాడండీ.
12:40 ఫ్లాట్ 302: మళ్ళీ కాలిపోతే? కొత్తదే కొనేస్తే పోలా!
13:05 సెక్రటరీ: సరే, కొత్తదే కొందాం. కొటేషన్లు కావాలి.
13:20 ఫ్లాట్ 302: రెండు షాపుల్లో నేను కనుక్కుంటాను లెండి, వచ్చే ఆదివారంలోగా.
13:30 సెక్రటరీ: బిగించే పని 104 ఆయన చూసుకుంటారు. ఇవాళ రాలేదుగానీ.
34:50 ట్రెజరర్: మోటారు నలభై వేలు దాటితే మాత్రం మళ్ళీ అందర్నీ అడగాలి.
35:00 సెక్రటరీ: అవునవును, అంతే.

మొదట ఒక్కో విషయానికి సంబంధించిన మాటలన్నీ, ఎక్కడున్నా సరే, ఒకచోటికి చేర్చాలి. పార్కింగ్ చర్చ మధ్యలో దొర్లిన 34:50 దగ్గరి షరతు అప్పుడే మోటారు కిందికి వస్తుంది. పదమూడో నిమిషం దగ్గరే ఆగితే, ఖర్చుకు హద్దు లేని నిర్ణయం మినిట్స్‌కి ఎక్కేది.

తర్వాత ఏది సమాచారం, ఏది సలహా, ఏది ఒప్పుకోలు అని విడదీయాలి. 12:40 దగ్గరిది సలహా. సెక్రటరీ సరేనన్నాక, ఎవరూ కాదనకపోతేనే అది నిర్ణయం. బాధ్యత పేరు వినబడ్డవారిది కాదు, ఒప్పుకున్నవారిది. 104 ఆయన అసలు సమావేశంలోనే లేరు. గడువును సమావేశం తేదీ నుంచి లెక్కగట్టి తేదీగానే రాయాలి. వారం పోయాక చదివేవారికి ‘వచ్చే ఆదివారం’ మరో ఆదివారమవుతుంది.

నిర్ణయం: కొత్త మోటారు కొనాలి. ధర రూ. 40,000 దాటితే మళ్ళీ సభ్యుల అనుమతి తీసుకోవాలి. (13:05, 34:50)

బాధ్యత: రెండు కొటేషన్లు తేవడం – ఫ్లాట్ 302. (13:20)

గడువు: కొటేషన్లకు 2025 మార్చి 16. (13:20)

తేలనివి: బిగించే పని ఎవరిది? ఫ్లాట్ 104 వారిని అడగాలి. కొనుగోలుకు గడువు పెట్టలేదు.

రీవైండింగ్ ధర, దాని మీద వాదన ఇందులో లేవు. ‘తేలనివి’ అన్న గడి మాత్రం తప్పనిసరి. అది లేకపోతే ఖాళీలు పూరించాలన్న తొందరలో, రాసేవారే 104 ఆయన పేరును బాధ్యత కింద వేసేస్తారు.

బ్రాకెట్లలోని సమయాలు సరిచూసుకోవడానికి. నిర్ణయం, బాధ్యత, గడువుల్లో ఏ వరుసకైనా సమయం చూపలేకపోతే అది రాసినవారి ఊహే. యంత్రం రాసిన ప్రతి అయితే అంకెలున్నచోట, ‘వద్దు’, ‘కాదు’ అన్నచోట రికార్డింగు మళ్ళీ వినాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడినచోట ఒకరి మాట ఇంకొకరి పేరు మీద పడుతుంది కనుక, చిత్తుప్రతిని బాధ్యత తీసుకున్నవారికి మర్నాడే పంపి, వారి వరుస వరకైనా సరేననిపించుకోవాలి.