పాట ఏ జ్ఞాపకాన్ని కదిలించింది?

2006లో మ్యురియన్ ఐరిష్, ఆమె తోటి పరిశోధకులు ఒక చిన్న ప్రయోగం ప్రచురించారు. ఆల్జైమర్స్ తొలిదశలో ఉన్న 10 మందిని, ఆ జబ్బు లేని పెద్దలు 10 మందిని కూర్చోబెట్టి వాళ్ల జీవితంలోని సంగతులు అడిగారు. ఒకసారి నిశ్శబ్దంలో, మరోసారి వివాల్డీ స్వరపరచిన ‘స్ప్రింగ్’ వెనక వినిపిస్తుండగా. సంగీతం వినిపించినప్పుడు రోగులకు పాత సంగతులు మరింత బాగా గుర్తొచ్చాయి.

2018లో కాక్రేన్ సంస్థ సమీక్ష వచ్చింది. మతిమరుపు జబ్బు ఉన్నవారికి సంగీత చికిత్స ఇచ్చిన, వెయ్యిమందికి పైగా రోగులు పాల్గొన్న 22 ప్రయోగాలను పరిశీలించారు. దిగులు కొంత తగ్గుతున్నట్టు తేలింది. జ్ఞాపకం వంటి మేధోశక్తుల్లో మాత్రం మార్పు లేదు, ఉన్నా బహు స్వల్పం అన్నారు.

సంగీతం, వృద్ధాప్యం, జ్ఞాపకశక్తి మీద డిసర్టేషన్ రాసే విద్యార్థికి మొదటి వారంలోనే ఇలాంటి జంట ఎదురవుతుంది. చాలామంది ఒక పేరాలో మొదటిదాన్ని, ఇంకో పేరాలో రెండోదాన్ని రాసి, నడుమ ‘అయితే’ అన్న మాట పెట్టి ముందుకు సాగిపోతారు. నిజానికి ఆ రెండింటికీ తగాదా లేదు. అవి వేరువేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులు. ఆ సంగతి చదివేవారికి కనబడేలా వ్యాసాలను అమర్చడమే లిటరేచర్ రివ్యూ అధ్యాయం చేయాల్సిన పని.

అధ్యాయం గాడి తప్పిందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ప్రతి పేరాలో మొదటి వాక్యాన్ని మాత్రం విడిగా తీసి వరసగా చదవాలి. ఆ వాక్యాలన్నీ ‘ఫలానావారు, ఫలానా ఏడు’ అని మొదలవుతుంటే అది సమీక్ష కాదు, చదివిన పుస్తకాల పట్టిక. మొదటి వాక్యాల్లో విషయం గురించిన మాట ఉండాలి, పరిశోధకుల పేర్లు ఆ మాటకు సాక్ష్యంగా తర్వాత రావాలి.

ఇందుకు రాయడానికి ముందే ఒక పట్టిక గీసుకోవాలి. ఒక్కో వ్యాసానికి ఒక్కో వరస. గడులు నాలుగు చాలు: సంగీతంతో ఏం చేశారు, ఏ రకం జ్ఞాపకాన్ని కొలిచారు, దేనితో పోల్చారు, ఎప్పుడు కొలిచారు. ఐరిష్ ప్రయోగం వరసలో ‘వినిపించారు, స్వీయానుభవాల జ్ఞాపకం, నిశ్శబ్దంతో, అప్పటికప్పుడే’ అని పడుతుంది. కాక్రేన్ లెక్కలోకి తీసుకున్నవి కనీసం ఐదు విడతలు సాగిన చికిత్సలు; కొలిచింది విడతలన్నీ ముగిశాక మిగిలిన ఫలితాన్ని. పాట వినపడుతున్న ఆ కాసేపు ఒక జ్ఞాపకం తెరుచుకోవడం వేరు, వారాల తర్వాత జ్ఞాపకశక్తే మెరుగుపడడం వేరు. పట్టికలో రెండు వరసలు పక్కపక్కన పడగానే అధ్యాయానికి రెండు విభాగాలు వాటంతట అవే ఏర్పడ్డాయి.

రెండో గడి ఇంకా లోతైనది. ‘జ్ఞాపకం’ అనే ఒక్క మాట కింద ఎన్నో దాగుతాయి. 2010లో సిమన్స్-స్టెర్న్ బృందం పెద్దలకు కొత్త పాటల చరణాలను చూపిస్తూ కొన్నింటిని పాడి, కొన్నింటిని మామూలుగా చదివి వినిపించింది. తర్వాత ఏవి ముందు విన్నవో గుర్తుపట్టమంది. ఆల్జైమర్స్ ఉన్నవారు పాడినవాటిని ఎక్కువగా గుర్తుపట్టారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దల్లో ఆ తేడా రాలేదు. ఇది కొత్తదాన్ని నేర్చుకునే జ్ఞాపకం. ఐరిష్ అడిగింది పెళ్లి, బడి, బాల్యం వంటి పాతవాటిని. ఈ రెండు ఫలితాలనూ ఒకే పేరాలో కలిపి ‘సంగీతం జ్ఞాపకానికి మేలు చేస్తుంది’ అని తేల్చేస్తే పరీక్షకులు మొదట పట్టుకునేది ఆ వాక్యాన్నే.

మూడో గడి, అంటే దేనితో పోల్చారన్నది, విద్యార్థులు ఎక్కువగా ఖాళీగా వదిలేసేది. ఐరిష్ ప్రయోగంలో సంగీతం వినిపించినప్పుడు రోగుల ఆందోళన కూడా తగ్గింది. అలాంటప్పుడు పనిచేసింది రాగమా, మనసు కుదుటపడడమా? నిశ్శబ్దంతో పోల్చినంత మాత్రాన అది తేలదు. వినడానికి హాయిగా ఉండే మరొకటి పక్కన ఉండాలి. ఫిన్లాండ్‌లో సార్కమో బృందం 2008లో పక్షవాతం వచ్చిన 60 మందిని మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకు సంగీతం, మరో గుంపుకు చదివి రికార్డు చేసిన పుస్తకాలు ఇచ్చి, మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. మాటలను గుర్తుంచుకోవడంలో సంగీతం విన్నవారే ఎక్కువ కోలుకున్నారు. జబ్బు వేరైనా, పోలిక ఎలా పెట్టాలో చూపడానికి సమీక్షలో దీనికి చోటివ్వాలి. ఆ తేడాను ఒక్క వాక్యంలో ఒప్పుకుని మరీ ఇవ్వాలి.

మెదడు స్కానుల దగ్గర మరీ జాగ్రత్త అవసరం. సంగీత జ్ఞాపకం ఆల్జైమర్స్‌లో ఎందుకు నిలబడుతుందో చెప్పిందంటూ 2015 నాటి జేకబ్‌సెన్ వ్యాసాన్ని చాలామంది ఉదహరిస్తారు. బాగా తెలిసిన పాటలు వింటున్నప్పుడు మెదడులో ఏ భాగం పనిచేస్తోందో వాళ్లు ఆరోగ్యవంతులైన యువకుల్లో కనిపెట్టారు. ఆ భాగం రోగుల మెదళ్లలో తక్కువగా దెబ్బతిన్నదని తర్వాత చూపారు. ఆ రోగులు పాటలను గుర్తుపట్టారా లేదా అని పరీక్షించలేదు. సారాంశం మాత్రమే చదివినవారికి ఇది దొరకదు. పద్ధతుల విభాగం చదివితేనే దొరుకుతుంది.

ఇప్పుడు ఒక విద్యార్థి ప్రశ్నను ఇలా బిగించుకున్నారనుకుందాం: అరవై దాటినవారికి యవ్వనంలో విన్న పాటలు స్వీయానుభవాలను గుర్తుచేస్తాయా? వెతుకులాట ఈ వరసతో మొదలుపెట్టవచ్చు:

```
(music OR song*) AND "autobiographical memory"
AND ("older adults" OR aging OR dementia)
```

పబ్‌మెడ్‌లోనూ సైక్‌ఇన్ఫోలోనూ వెతికి, ఎన్ని దొరికాయో, ఎన్నింటిని ఏ కారణంతో వదిలేశారో రాసిపెట్టుకోవాలి.

దీనికి తగ్గ అధ్యాయంలో మొదటి విభాగం యవ్వనపు జ్ఞాపకాల గురించి ఉండాలి. పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవి పెద్దవయసులో ఎక్కువగా గుర్తొస్తాయని 1986లోనే రూబిన్ తదితరులు చూపారు. 2020లో జకుబోవ్‌స్కీ బృందం 18 నుంచి 82 ఏళ్ల వయసున్న 470 మందిని పాటల గురించి అడిగితే, సొంత జ్ఞాపకాలు ముడిపడడం 14 ఏళ్ల ప్రాంతంలో విన్న పాటలకు ఎక్కువగా కనబడింది. రెండో విభాగం పాట వినపడుతున్నప్పటి ఫలితాలకు, మూడోది వారాల చికిత్సకు. ఏళ్లతరబడి వాద్యం వాయించినవారి మీద వచ్చిన పరిశోధనలకు ఇక్కడ ఒక పేరా మించి ఇవ్వనక్కర్లేదు. అది వేరే ప్రశ్న. పైగా వాయించడం వల్ల మెదడు పదునెక్కిందో, చదువూ ఆరోగ్యమూ కలిగినవారే వాయిద్యం పట్టుకున్నారో ఆ సర్వేలు తేల్చలేవు.

చివరి విభాగం ఖాళీని చూపాలి. హైదరాబాద్‌లో పనిచేసే విద్యార్థికి అది దగ్గర్లోనే ఉంది. జకుబోవ్‌స్కీ వాడినవి పాశ్చాత్య పాప్ పాటలు. 1950లో పుట్టిన తెలుగువారికి పద్నాలుగేళ్లు నిండింది 1964లో, ‘మూగమనసులు’ విడుదలైన ఏడాదిలో. సినిమా హాలు లేని ఊళ్లో పెరిగినవారికి ఆ వయసు పాటలు భజనవీ నాట్లవీ కావచ్చు. కనుక పాటల జాబితా సినిమాల పట్టిక నుంచి కాక, ఆ పెద్దల నోటి నుంచే రావాలి. జ్ఞాపకశక్తి పరీక్షకు కొరత లేదు: నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం తెలుగువారికి అనువుగా మలిచినవి ఉన్నాయి.

అధ్యాయాన్ని గైడ్ చేతికి ఇచ్చే ముందు అదే వెతుకులాట మరోసారి చేసి, ఆ తేదీని పద్ధతి పేరాలో రాయండి. కాక్రేన్ సమీక్షే 2018 తర్వాత 2025లో మరిన్ని ప్రయోగాలతో మళ్లీ వచ్చింది.